ముగ్గు మీద వేసిన నేల

మేం ఇల్లు కట్టుకుంటున్న రోజుల్లో, నేల గురించి తెలియని మనిషి అరకులో నాకు ఒక్కరూ తగల్లేదు. గోడల సంగతి అడిగితే మేస్త్రీని అడగమనేవారు. కరెంటు సంగతి అడిగితే వేరే మాటలోకి దిగేవారు. నేల మాట ఎత్తితే మాత్రం టీ గ్లాసు కింద పెట్టి మరీ మొదలుపెట్టేవారు. పుట్టిన దగ్గర్నుంచీ దాని మీదే నడుస్తున్నారు కదా, ఆ అనుభవం. నాకు అసలే కోపం ఎక్కువ. బడిలో పిల్లల మీద అరవకూడదని పైనుంచి ఆర్డరు వచ్చాక, నాలో మిగిలిపోయిన అరుపులన్నీ ఈ ఇంటి దగ్గరే ఖర్చుపెట్టాను.

ఆ నేల మా అక్క కోసం. ఘాట్ రోడ్డులో జీపు బోల్తాపడిన నాటి నుంచి అక్కకు నడుము కింద స్పర్శ లేదు. చక్రాల కుర్చీలోనే ఉంటుంది. చేతులకేం లోటు లేదు, నోటికి అంతకన్నా లేదు. కుర్చీలో కూర్చునే వీధిలో పిల్లలందరికీ లెక్కలు చెబుతుంది. కానీ మేముంటున్న అద్దె ఇంట్లో గుమ్మం గుమ్మానికీ గడప, బాత్రూం ముందు ఒక మెట్టు. అక్క ఎటు వెళ్లాలన్నా మా పిన్ని వెనక నుంచి చంకల్లో చేతులు పెట్టి ఎత్తి దాటించాలి. పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. అమ్మ పోయాక మమ్మల్ని చూసుకోవడానికని బాబాయితో సహా వచ్చి మాతోనే ఉండిపోయింది. ఆవిడకీ నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి. అయినా ఇంకొకర్ని ముట్టుకోనిచ్చేది కాదు.

ఇంటికి చుట్టాలొస్తే అక్క మంచినీళ్లు తాగడం మానేసేది. పదిమంది ముందు తనను ఎత్తుకుని బాత్రూంకి తీసుకెళ్లడం ఆమెకు చావుతో సమానం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గొంతు తడుపుకోకుండా నవ్వుతూ కబుర్లు చెప్పేది. బ్యాంకు అప్పు మంజూరైన రోజున, "కొత్తింట్లో నీకేం కావాలే?" అని అడిగాను. పూజగది అంటుందనుకున్నాను, కిటికీ అంటుందనుకున్నాను.

"బాత్రూంకి ఒక్కత్తినీ ఎల్లి ఒక్కత్తినీ రావాల. ఇంకేటీ ఒద్దు," అంది.

అంటే ఏమిటి? రోడ్డు మీంచి వరండాలోకి, వరండా నుంచి హాల్లోకి, హాలు నుంచి ఆమె గదిలోకి, గది నుంచి బాత్రూంలోకి ఎక్కడా మెట్టు ఉండకూడదు, ఎగుడుదిగుడు ఉండకూడదు. మాది కొండవాలు స్థలం. రోడ్డు పైన, స్థలం కింద. అందుకని స్తంభాలు లేపి, రోడ్డు ఎత్తుకు శ్లాబు పోసి, ఆ శ్లాబు మీద ఇల్లు కట్టాం. కింద ఖాళీ. మాట చాలా తేలికగా ఉంది కదా, నేనూ అలాగే అనుకున్నాను. శ్లాబు పోసిన రోజున సగంలో వాన అందుకుంది. మొదటి సగం మధ్యాహ్నం, రెండో సగం వాన తెరిపిచ్చాక గబగబా. ఆ తర్వాత వానాకాలమూ, దాని వెనకాల చలికాలమూ పని ఆగిపోయింది. గోడలు లేచేలోగా మా శ్లాబు ఊరందరి కళ్లమైపోయింది. ఒకళ్లు రాజ్‌మా ఎండబెట్టారు, ఇంకొకళ్లు కాఫీ పళ్లు ఆరబోశారు. కాఫీ తొక్కల జిగురు ఎండి శ్లాబుకు అంటుకుపోయింది. అడిగితే, "ఖాళీగానే ఉంది కదమ్మా," అన్నారు. అదీ నిజమే.

గోడలు, పైకప్పు అయ్యాక నేల పనికి మేస్త్రీ వచ్చాడు. జి.మాడుగుల మనిషి. పనిమంతుడని పేరు, ఆ పేరు అందరికంటే ఎక్కువ ఆయనే చెబుతాడు. పని మొదలెట్టే ముందు తలపాగా తీసి కళ్లు మూసుకుని యేసయ్యకు ప్రార్థన చేస్తాడు. ఆ తర్వాత కళ్లు తెరిచి అందర్నీ తిడతాడు. వచ్చీ రాగానే గుమ్మంలో నిలబడి ఒక కన్ను మూసి శ్లాబు చివరిదాకా చూశాడు.

"శ్లాబు లెవెల్లోనే ఉందమ్మా. రెండంగుళాల మందం బెడ్డు ఏసుకుంటా ఎల్లిపోదాం. దాని మీద టైలు," అన్నాడు.

బెడ్డు అంటే శ్లాబు మీద, టైలు కింద వేసే సిమెంటు, ఇసుకల పొర. ఇంజినీర్లు దాన్ని స్క్రీడ్ అంటారు. శ్లాబు ఎంత వంకరగా ఉన్నా, దాని నెత్తిన ఈ పొర తిన్నగా కూర్చుంటే టైలు తిన్నగా కూర్చుంటుంది.

"మేస్త్రీ గారూ, కంటితో కాదు, నీళ్ల పైపు పెట్టి చూద్దాం," అన్నాను.

"నా కన్నే రసమట్టం టీచరమ్మా," అన్నాడు. ఆ మాట మీద బోలెడు గర్వం. చివరికి సణుక్కుంటూనే పారదర్శకమైన సన్నటి పైపు తెచ్చి నీళ్లు నింపాడు. పైపు రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తులో నిలబడతాయి. ఒక కొస హాలు గోడకు, ఇంకో కొస లోపలి గది గోడకు ఆనించి, నీళ్లు ఎక్కడుంటే అక్కడ గీత పెడితే రెండు గీతలూ ఒకే మట్టం. ఆ గీత నుంచి కిందికి శ్లాబు దాకా టేపుతో కొలిస్తే, ఎక్కడ ఎంత పల్లమో తెలిసిపోతుంది.

రెండో కొస పట్టుకోవడానికి మా బాబాయి ముందుకొచ్చాడు. బాబాయి సీలేరు కాలనీలో స్టోర్సు గుమాస్తాగా రిటైరయ్యాడు. కరెంటు ప్రాజెక్టు గాలి అన్నేళ్లు పీల్చాడు కాబట్టి, కాంక్రీటు విషయంలో చివరి మాట తనదేనని ఆయన నమ్మకం. ఏ మాటకైనా 'మా సీలేరులో' అని మొదలుపెడతాడు. ఆయన ఆ కొస పట్టుకుని గది గదికీ తిరిగాడు. ఆశ్చర్యం, ఏ మూల పెట్టినా నీళ్లు ఒక్క నూలు కదల్లేదు. ఇల్లంతా అద్దంలా సమానం.

"సూసినారా, నేను సెప్పలేదేటి," అన్నాడు మేస్త్రీ.

"మా సీలేరులో పనిచేసిన చెయ్యిది," అన్నాడు బాబాయి.

నాకు అనుమానం వచ్చి వెళ్లి చూద్దును కదా, మహానుభావుడు నీళ్లు ఒలికిపోకుండా పైపు మూతిని బొటనవేలితో గట్టిగా మూసి పట్టుకున్నాడు. అలా మూస్తే నీళ్లు ఎందుకు కదులుతాయి? ఆ పైపును అరకు నుంచి విశాఖ దాకా పట్టుకెళ్లినా ఒకే మట్టం చూపిస్తుంది. మేస్త్రీ పగలబడి నవ్వాడు. బాబాయి వేలు తీశాడు. నీళ్లు జర్రున జారాయి.

అప్పుడు తేలింది అసలు సంగతి. ముందు గుమ్మం దగ్గర శ్లాబు అన్నిటికంటే ఎత్తు. అక్కడి నుంచి అక్క గది వైపు దిగుతూ దిగుతూ, బాత్రూం గుమ్మం దగ్గరకొచ్చేసరికి రెండున్నర అంగుళాలు పల్లం. వాన తెరిపిచ్చాక పోసిన సగం అదే. మేస్త్రీ తన కన్ను గురించి ఆ తర్వాత మళ్లీ మాట్లాడలేదు.

బాబాయి మాత్రం సంబరపడ్డాడు. "అటేపు ఈశాన్యమే కదా. ఈశాన్యం పల్లం ఉండాల. దేవుడే అలాగ పోయించినాడు. అలాగే వదిలీండి."

"అలాగే వదిలేస్తే అక్క చక్రం మీంచి చెయ్యి తియ్యగానే కుర్చీ దానంతట అదే ఈశాన్యానికి వెళ్లిపోతుంది బాబాయ్."

"ఈశాన్యంలో దేవుడుంటాడు, మంచిదే కదే," అన్నాడు. ఆయనతో వాదించడం మానేసి అక్కనే పిలిపించాను. అక్క కూర్చున్న కుర్చీని తెచ్చి శ్లాబు మీద వదిలాం. అది నెమ్మదిగా కదిలి, బాబాయి కాలివేళ్ల మీదికెక్కి ఆగింది. వాస్తు చర్చ అక్కడితో సరి.

అందరం ఒక మాట మీదికి వచ్చాం. పైన మట్టం ఒక్కటే, కింద మందం మాత్రం చోటును బట్టి మారుతుంది. ముందు గుమ్మం దగ్గర ఎక్కువ లేపడానికి లేదు, వరండా దాటగానే రోడ్డు. అలాగని మరీ పల్చగానూ వెయ్యకూడదు. "అంగుళానికి తగ్గితే పెచ్చులా లేసిపోతాది," అన్నాడు మేస్త్రీ. కాబట్టి అక్కడ ఒక అంగుళం. అదే మట్టంలో వెనక్కి వెళ్తే బాత్రూం గుమ్మం దగ్గర మూడున్నర అంగుళాలు. అంత మందం ఉత్త సిమెంటు ఇసుకతో వేస్తే ఆరేటప్పుడు ముడుచుకుని పగులుతుంది. అందుకని పల్లం ఎక్కువగా ఉన్నచోట ముందు సన్న కంకర చిప్సుతో కాంక్రీటు వేసి ఎత్తు లేపి, అది పచ్చిగా ఉండగానే పైన అసలు పొర వెయ్యాలి. ఇదంతా మేస్త్రీయే చెప్పాడు. పని తెలిసినవాడే, పైపు అంటేనే చులకన.

ఇక గడపల యుద్ధం. గుమ్మాలకు కింద చెక్క లేకుండా మూడు వైపులే ఉన్న ఫ్రేములు చేయించానని తెలిసి, పిన్ని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజున మొదలుపెట్టింది.

"గడప లేని ఇల్లేటే గుంటా? లచ్చిందేవి ఎక్కడ కూకుంటాది? పసుపు ఎక్కడ రాయాల? పశువుల సాల కడతన్నావేటి?" నాకు యాభై దగ్గర పడుతున్నా పిన్నికి ఇంకా గుంటనే, చిన్నపిల్లనే.

"లక్ష్మీదేవి వస్తే సోఫాలో కూర్చుంటుంది. అక్క చక్రం ఎక్కడ తిరుగుతుందో అది చెప్పు," అన్నాను.

"నేను ఎత్తడం లేదేటి ఇన్నాళ్లూ?"

ఆ మాటకు అక్క తల దించుకుంది. చివరికి టైల్సు షాపాయన దారి చూపించాడు. ముందు గుమ్మంలో సన్నటి నల్ల గ్రానైటు పట్టీ, టైలుతో సమానంగా, వేలికి కూడా తగలకుండా అతికించవచ్చట. పసుపు రాయడానికి గడప ఉంటుంది, చక్రానికి ఉండదు. పిన్ని ఒప్పుకుంది కానీ, ఇంటికి ఏదో లోటు చేశామన్న బెంగ మాత్రం ఆవిడ మనసులోంచి పోలేదు. ఆ లోటు పూడ్చే ఉపాయం ఆవిడ ఒక్కత్తే ఆలోచించుకుంది.

శ్లాబుకూ కొత్త పొరకూ పట్టు దొరకాలంటే శ్లాబు గరుకుగా, శుభ్రంగా, తడిగా ఉండాలి. మేస్త్రీ మనుషులు ఉలీ సుత్తీ పెట్టి శ్లాబంతా గాట్లు కొట్టారు. కాఫీ జిగురంతా ఇనప బ్రష్షుతో రుద్ది కడిగారు. ముందురోజు సాయంత్రం నీళ్లు పోసి నానబెట్టాలి. వేసే ముందు నిలవ నీళ్లు తుడిచేసి, చిక్కటి సిమెంటు పాలు పోసి, చీపురుతో గాట్లలోకి ఎక్కేలా రుద్దాలి. ఆ పాలు ఆరకముందే పొర వెయ్యాలి. హాలు, వంటగది రెండో శనివారం నాడు నా కళ్ల ముందే అలా వేశారు. అక్కడక్కడ టైలు ముక్కలతో మట్టం గుర్తులు పెట్టుకుని, వాటి మీద అల్యూమినియం బద్ద ఆనించి లాగుతుంటే పచ్చి సిమెంటు తిన్నగా పరుచుకుంది. అది చూస్తుంటే నా కోపం కూడా కాసేపు చదునైపోయింది.

అక్క గది, బాత్రూం ముందు నడవా సోమవారానికి మిగిలాయి. సరిగ్గా అప్పుడే మా టీచర్లకు పాడేరులో శిక్షణ పెట్టారు. 'తరగతిలో ఓర్పు' అన్నది అంశం. ఆదివారమే బయల్దేరాలి. వెళ్తూ వెళ్తూ పిన్నికి చెప్పాను, "సాయంత్రం అక్క గదిలో నీళ్లు చల్లి తడిపి ఉంచు పిన్నీ, మర్చిపోకు," అని. "అదేటి, నాకు తెల్దా," అంది. మంగళవారం రాత్రి బోలెడంత ఓర్పు నేర్చుకుని తిరిగొచ్చాను. అక్క గదిలో నేల బ్రహ్మాండంగా ఉంది. బద్ద వేసి చూశాను, నీళ్ల పైపు పెట్టి చూశాను, ఎక్కడా తేడా లేదు. మేస్త్రీని నోరారా మెచ్చుకున్నాను. ఆయన మాత్రం ఎందుకో మొహం తిప్పుకున్నాడు. సిగ్గనుకున్నాను.

వారం పైగా గోనెసంచులు పరిచి తడిపాం. మళ్లీ చలికాలం, పొద్దెక్కేదాకా మంచు. పొర గట్టిపడ్డాక, టైలు వేసే ముందు మేస్త్రీ ఇనప చువ్వ తెచ్చి నేలంతా తట్టుకుంటూ పోతున్నాడు. ఇల్లు చూస్తానంటే అక్కను కూడా తీసుకొచ్చాం. హాల్లో టంగు టంగుమని గట్టి చప్పుడు. వంటగదిలోనూ అదే. అక్క గదిలోకి వెళ్లేసరికి చప్పుడు మారింది. మేస్త్రీ అక్కడ రెండుసార్లు తట్టి, వేగంగా పక్కకు జరిగిపోయాడు.

"ఆగండి మేస్త్రీ గారూ. అక్కడ మళ్లీ కొట్టండి," అంది అక్క హాల్లోంచే.

కొట్టాడు. డొల్ల. ఇంకో చోట, డొల్ల. నడవాలో బాత్రూం గుమ్మం దాకా డొల్ల. కింద శ్లాబుకు, పైన పొరకు పట్టు లేదు. మధ్యలో గాలి. ఒళ్లు మండిపోయింది నాకు. పాడేరులో నేర్చుకున్నదంతా ఆ క్షణాన పాడేరుకే వెళ్లిపోయింది.

"ఏం చేశారిక్కడ? గాట్లు లేవా? పాలు పొయ్యలేదా?"

"పోసినామమ్మా."

"రుద్దారా?"

మేస్త్రీ తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. పిన్ని వైపు ఒకసారి చూశాడు. "రుద్దలేదమ్మా. ముగ్గు సెరిగిపోతాదని."

నాకేం అర్థం కాలేదు. "ఏం ముగ్గు?"

పిన్ని ఏ జంకూ లేకుండా ముందుకొచ్చింది. "నువ్వే కదే తడపమన్నావు. ఉత్త నీలు జల్లితే అదేం తడపడం? శుభమా అని గదీ నడవా ఏస్తంటే, పేడ కలిపి శుబ్బరంగా అలికి, బియ్యప్పిండి నూరి పద్మం ముగ్గు ఎట్టినాను. గడప ఎలాగూ లేకుండా సేసినావు. ఆ గుంట పడుకునే గదికి అదైనా ఉండొద్దేటి?"

నేను మేస్త్రీ వైపు తిరిగాను. "మీకు తెలీదా? పేడ పొర మీద సిమెంటు పట్టుకుంటుందా? కడిగెయ్యమని ఆవిడతో చెప్పొచ్చుగా?"

"ఎలాగ సెప్తానమ్మా?" ఆయన గొంతు నిజంగానే ఇబ్బందిగా ఉంది. "నేను సూస్తే సర్చి మనిషిని. పెద్దావిడ పూజ సేసి ముగ్గెట్టినారు. నేనొచ్చి పేడ కడిగీయండంటే ఎలాగుంటాది? మన దేముడంటే ఈడికి పడదు, అందుకే అంటన్నాడు అనరేటి? మొన్న నేను పార్తన సేసుకుంటంటే ఆవిడ టీవీ సౌండు తగ్గించినారు. ఆపాటి మర్యాద నాకూ ఉండాల కదా. అందుకని పాలు పైనుంచి నెమ్మదిగా పోసి, రుద్దకుండా ఏసీసినాం."

జరిగిందేమిటంటే, ఒకరి మతాన్ని ఒకరు గౌరవించుకున్నారు. ఆ గౌరవం శ్లాబుకూ పొరకూ మధ్య పలచగా పరుచుకుని ఎండిపోయింది. ఇద్దర్లో ఏ ఒక్కరికి కాస్త మర్యాద తక్కువైనా మా నేల గట్టిగా ఉండేది.

"పోనీలెద్దూ. పైన టైలు ఏస్తే ఎవుడికి తెలుస్తాది? మా సీలేరులో..." అని బాబాయి అందుకున్నాడు. టైల్సు షాపాయనకు ఫోను చేస్తే, కంపెనీ గమ్ము కాస్త మందంగా పూస్తే ఏ నేలైనా పట్టేస్తుందని భరోసా ఇచ్చాడు. ఆయన గమ్ము టైలును పొరకు పడుతుంది, సరే. ఆ పొరను శ్లాబుకు ఎవరు పట్టాలి? మనుషులు నడిచే నేలైతే ఎన్నాళ్లో నెగ్గుకొచ్చేదేమో. కుర్చీకి ముందుండే రెండు చక్రాలూ చిన్నవి, సన్నవి. అక్క బరువు రోజూ అదే నడవాలో, అదే దారిలో, ఆ సన్నటి చక్రాల కింద పడుతుంది. డొల్ల మీద పొర విరుగుతుంది, టైలు చీలుతుంది, అంచు లేస్తుంది. లేచిన అంచుకు చక్రం తగిలితే కుర్చీ ముందుకు తూలి అక్క బోర్లా పడుతుంది. ఎక్కడ? సరిగ్గా బాత్రూం గుమ్మంలో.

ఇది నేను అరిచి చెప్పాను. అరవకుండా చెప్పడం నాకు రాదు. బాబాయి నోరు మూశాడు. పిన్ని మొహం ఎర్రబడింది. "నా సేతి పని వల్లే అది పడిపోతాదంటావా?" అంది. ఇన్నేళ్లూ ఆ చేతులతోనే కదా మోసింది. నా మీద నాకే ఏవగింపు కలిగింది, అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

"పగలగొట్టండి," అంది అక్క.

మేస్త్రీ మనుషులు డొల్ల ఉన్నంత మేరా కట్టరుతో తిన్నగా కోత పెట్టి, సుత్తితో ఒక్క దెబ్బ వేశారు. మామూలుగా అయితే నేల పగలగొట్టడానికి ప్రాణం పోతుంది. ఇది మాత్రం దిబ్బరొట్టె పెనం మీంచి లేచినట్టు పలకలు పలకలుగా లేచొచ్చింది. ఒక పెద్ద పలకను మేస్త్రీ తిరగేసి గోడకు ఆనించాడు. అడుగున ఆకుపచ్చగా పేడ, దాని మీద తెల్లగా పద్మం. అచ్చు గుద్దినట్టు ఒక్క రేకు చెదరలేదు. అందరం వంగి చూశాం. అంత కోపంలోనూ నాకు నవ్వు ఆగలేదు. అక్క నవ్వు మొదలుపెట్టింది, మేస్త్రీ అందుకున్నాడు.

"ఓలమ్మో, ఎంత బాగొచ్చిందో సూడే," అంది పిన్ని. కళ్లు తుడుచుకుంటూనే అంది. ఆ పలకను పారెయ్యనివ్వలేదు. దాన్ని పెరట్లో తులసి పక్కన నిలబెట్టారు. మేస్త్రీ దానికి ఒక ఇటుక ముక్క కూడా దన్ను పెట్టాడు.

రెండోసారి పని మొదలయ్యే ముందు నేను పంచాయతీ తీర్చాను. పిన్ని అలికి ముగ్గు పెట్టుకోవడానికి వరండా ముందు మట్టి జాగా. మేస్త్రీ ప్రార్థనకు హాలు. శ్లాబు మీద నీళ్లు, సిమెంటు తప్ప ఎవరి దేవుడూ అడుగు పెట్టకూడదు. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోవడమే కాదు, పిన్ని చీర ఎగదోపుకుని ఇనప బ్రష్షు తీసుకుంది. తన పేడను గాట్లలోంచి తనే గీకింది. వద్దంటే వినలేదు. మేస్త్రీ నీళ్లు పోస్తుంటే ఆవిడ రుద్దుతోంది. "ఇంకా పచ్చగుందమ్మా ఆ మూల. ఇంకా గీకండి," అని ఆయన, "నాకు కల్లు కనబడవేటి," అని ఆవిడ. మొదటిసారి నోరు తెరవలేని మనిషి, ఇప్పుడు ఆవిడను కూలీ మనిషిలా అదిలించాడు. ఆవిడ ఆ మాటలు పడింది.

సాయంత్రం తడిపాం, పొద్దున్నే నిలవ నీళ్లు తుడిచాం. ఇద్దరు మనుషులు పట్టేంత జాగాలో మాత్రమే సిమెంటు పాలు పోసి, చీపురుతో గట్టిగా రుద్ది, వెంటనే పొర వేసి దిమ్మిసతో దిమ్మించి, మళ్లీ ముందుకు జరిగారు. పాత పొర అంచుకు కూడా పాలు పూశారు, లేకపోతే అతుకు దగ్గర చీలిక వస్తుంది. బాత్రూంలో గుమ్మం దగ్గర నడవాతో ఒకటే మట్టం, అక్కడి నుంచి దూరపు మూలలో తూము వైపు మెల్లగా వాలు. "మెట్టు లేకపోతే నీలు గదిలోకి వొచ్చేత్తాయి," అన్నాడు మేస్త్రీ. వాలు సరిగా ఉంటే రావన్నాను. వేసి, బకెట్టు కుమ్మరించి చూశాం. నీళ్లు గుమ్మం వైపు చూడకుండా మూలకు పోయాయి. మళ్లీ వారం పైగా తడిపాక చువ్వతో తడితే గది ఒక మూల నుంచి ఇంకో మూల దాకా ఒకటే గొంతుతో పలికింది. టైలు పడింది.

పాలు పొంగించిన రోజున ఇంటినిండా చుట్టాలు. పిన్ని నల్ల పట్టీకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పక్కకు తప్పుకుంది. అక్క తన చేతులతో చక్రాలు తిప్పుకుంటూ దాని మీంచి లోపలికి వెళ్లింది. చుట్టాలు ఇల్లంతా తిరిగారు, గ్యాసు పొయ్యి మెచ్చుకున్నారు, కిటికీలు మెచ్చుకున్నారు. నేలను ఒక్కరూ మెచ్చుకోలేదు. ఒకావిడ మాత్రం, "గడపలు పెట్టడం మర్చిపోయారా?" అని అడిగింది.

భోజనాల్లో అక్క పక్కన కూర్చున్నాను. అక్క మజ్జిగ తాగింది, ఆ తర్వాత మంచినీళ్లు తాగింది, గ్లాసు చాచి ఇంకోసారి పోయించుకుంది. కాసేపటికి కుర్చీ వెనక్కి తిప్పి, చుట్టాల మధ్యనుంచే తన గదిలోకి వెళ్లింది. పిన్ని అలవాటు కొద్దీ విస్తరి ముందు నుంచి లేచి, తువ్వాలు భుజాన వేసుకుని వెనకే పరుగెత్తింది. వెనకే నేను. మేం నడవాలోకి వెళ్లేసరికి బాత్రూం తలుపు మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు.

పిన్ని తలుపు మీద కొట్టింది. "ఒసే, గడియ ఎందుకేసినావే? పడిపోతే ఎవులొత్తారే?"

"ఎవులూ రానక్కర్లేదు పిన్నీ," అంది అక్క లోపల్నుంచి. "నువ్వెల్లి బువ్వ తిను."

పిన్ని కాసేపు తలుపు వైపే చూసింది. తర్వాత రెండు చేతులూ ముందుకు చాపి, వాటినేం చెయ్యాలో తెలియనట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఆ నేల మీదే చతికిలబడి ఏడ్చింది. నేనూ పక్కనే కూలబడ్డాను. మేమిద్దరం అక్కడే, అక్క గడియ తీసి బయటికొచ్చి, "దారిలో కూకున్నారేటి, లేవండి," అని కసిరేదాకా కూర్చున్నాం.